విడిది గదులు: ఎన్ని పట్టాలి, ఎప్పుడు వదలాలి

పెళ్లికి పొరుగూళ్ల నుంచి వచ్చే చుట్టాల కోసం ఒకే హోటల్లో కొన్ని గదులను ముందే ధర మాట్లాడుకుని, ఫలానా తేదీ దాకా పక్కన పెట్టించుకుంటే దాన్ని హోటల్ వాళ్లు రూమ్ బ్లాక్ అంటారు. గదులు పక్కన పెట్టడం వరకు అందరికీ తెలిసిన పనే. చిక్కంతా ఆ ‘ఫలానా తేదీ’ దగ్గర వస్తుంది. దానికి కటాఫ్ అని పేరు. ఆ రోజు దాటాక, వాడుకోని గదికి డబ్బు ఎవరు కట్టాలన్నది ఒప్పందంలో రాసిన రెండు మూడు వాక్యాలను బట్టి తేలుతుంది. తెలుగు పెళ్లిళ్లలో మగపెళ్లివారికి విడిది ఇవ్వడం ఆడపెళ్లివారి బాధ్యతగా వస్తోంది కాబట్టి, ఎవరూ పడుకోని మంచానికి కట్టే బిల్లు కూడా చాలాసార్లు వాళ్ల మీదే పడుతుంది.

హోటల్ వైపు నుంచి చూస్తే కటాఫ్ ఎందుకో తేలిగ్గా తెలుస్తుంది. ఈ రాత్రి అమ్ముడుపోని గదిని రేపు రెండుసార్లు అమ్మలేరు, ఆ రాబడి అంతటితో పోయినట్టే. బ్లాకులో పెట్టిన గది హోటల్ కంప్యూటర్లో నిండిన గది కిందే లెక్క. బుకింగ్ యాప్‌లలో కనిపించదు, ఫోన్ చేసిన వారికి దొరకదు. పెళ్లివారు చివరి వారంలో ‘పది గదులు అక్కర్లేదండీ’ అంటే, అప్పటికే కొనేవాళ్లు వేరే హోటళ్లకు వెళ్లిపోయి ఉంటారు. తిరిగి అమ్ముకోవడానికి తగినంత వ్యవధి మిగిలేలా హోటల్ ఒక గీత గీస్తుంది. ఆ గీతే కటాఫ్.

బ్లాకులు స్థూలంగా రెండు రకాలు. ఒకటి, గదులు ఉత్తినే పట్టి ఉంచి, ఎవరి గదికి వాళ్లే డబ్బు కట్టుకునేది. ఇందులో కటాఫ్ నాటికి ఎవరూ తీసుకోని గదులు వాటంతట అవే హోటల్‌కు వెళ్లిపోతాయి, పెళ్లివారికి నష్టం ఉండదు. అమెరికాలో చిన్న పెళ్లిళ్లకు ఇదే ఎక్కువ. రెండోది, పెళ్లివారే అడ్వాన్సు కట్టి గదులకు పూచీ పడేది. ఇక్కడ గదులు వాటంతట అవి వెనక్కి వెళ్లవు. పెళ్లివారే గడువులోగా వదలాలి, వదలకపోతే కట్టాలి. మన ఊళ్లలో జరిగేది ఎక్కువగా ఈ రెండో రకమే కాబట్టి, దాన్నే ఒక పెళ్లి లెక్కతో చూడటం మేలు.

గదులు కాదు, రాత్రులు

పెళ్లి విశాఖపట్నంలో అనుకుందాం. అమ్మాయి వాళ్లది ఆ ఊరే, అబ్బాయి వాళ్లది హైదరాబాద్. ముహూర్తం ఫిబ్రవరి 20 శనివారం రాత్రి 1 గంట 12 నిమిషాలకు, తెల్లవారితే ఆదివారం. శుభలేఖలో ఈ మాట చదివిన చుట్టాల్లో కొందరు శనివారం రాత్రికి గది అడుగుతారు, కొందరు పెళ్లి ఆదివారమని పొరబడి ఆదివారం రాత్రికి అడుగుతారు. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. హోటల్ రోజు సాధారణంగా మధ్యాహ్నం 2 గంటలకు మొదలై మర్నాడు 11 గంటలకో 12 గంటలకో ముగుస్తుంది. కాబట్టి చుట్టాలకు పంపే సందేశంలో ముహూర్తంతో పాటు ‘గది కావలసింది 20వ తేదీ రాత్రికి, ఖాళీ చేసేది 21 ఉదయం’ అని విడిగా చెప్పాలి. సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

హోటల్ లెక్కకట్టేది గదులను కాదు, రూమ్ నైట్లను. ఒక గది ఒక రాత్రికి తీసుకుంటే ఒక రూమ్ నైట్. ‘నలభై గదులు మూడు రోజులకు’ అని నోటిమాటగా చెప్పేస్తే 120 రూమ్ నైట్లు నెత్తిన పడతాయి. నిజానికి అందరూ మూడు రోజులూ ఉండరు. గురువారం రాత్రి అమెరికా నుంచి వచ్చినవాళ్లు, పెళ్లికొడుకు ఇంటివాళ్లు మాత్రమే ఉంటారు. శుక్రవారానికి దగ్గరి బంధువులు దిగుతారు. శనివారం అందరూ ఉంటారు. ఆదివారం రాత్రికి వ్రతం దాకా ఉండే కొద్దిమందే మిగులుతారు. ఈ పెళ్లిలో అలా విడివిడిగా వేసిన అంచనా: 18వ తేదీ 6 గదులు, 19న 22, 20న 40, 21న 14. మొత్తం 82. అల్పాహారంతో గదికి రోజుకు 4,500 రూపాయలు. 7,500 రూపాయల లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే కనుక పన్నుతో కలిపి 4,725. మొత్తం 3,87,450 రూపాయలు. నోటిమాట లెక్కకూ దీనికీ మధ్య 38 రూమ్ నైట్ల తేడా ఉంది. ఒక్క గదీ వదలకముందే, పన్ను కలపకుండానే 1,71,000 రూపాయలు మిగిలాయన్నమాట.

ఈ అంచనా వేసేముందు కల్యాణ మండపంతో పాటు వచ్చే గదులను తీసేయాలి. చాలా మండపాల అద్దెలో కొన్ని గదులు కలిసే ఉంటాయి. వధూవరుల ఇంటివాళ్లు ఎలాగూ అక్కడే ఉంటారు, వారికి హోటల్లో మళ్లీ గది పెట్టడం దండగ. ఊళ్లోనే అక్కో బాబాయో ఉండి అక్కడ దిగే చుట్టాలనూ తీసేయాలి. ముందుగా లెక్కపెట్టుకోవలసింది పిలిచిన కుటుంబాలను కాదు, హోటల్లో పడుకోబోయే కుటుంబాలను.

రాత్రి రైళ్ల సంగతి ఇక్కడే చూసుకోవాలి. హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ లాంటి బండి ఎక్కితే విశాఖలో దిగేసరికి తెల్లవారుతుంది. శనివారం పొద్దున్నే పెట్టెలతో దిగినవారికి శనివారం గది మధ్యాహ్నం రెండింటికి గానీ చేతికి రాదు. అలాగని పది కుటుంబాలకూ శుక్రవారం రాత్రి నుంచే గదులు పట్టడం మితిమీరిన ఖర్చు. అనుభవమున్న వాళ్లు చేసేది ఏమిటంటే, శుక్రవారం రాత్రికి మూడు గదులు అదనంగా పట్టి, ఆ పది కుటుంబాలూ వంతులవారీగా స్నానాలు చేసి తయారవడానికి వాటిని ఉంచుతారు. పిల్లలు, పెద్దవాళ్లు ఆ గదుల్లో కాసేపు నడుం వాలుస్తారు, మిగిలినవాళ్లు టిఫిన్‌కు మండపానికి వెళ్లిపోతారు. ఆదివారం తిరుగు ప్రయాణానికీ ఇదే పద్ధతి. తెల్లవారుజామున తలంబ్రాలు చూసి గదికి చేరినవాళ్లను 11 గంటలకు ఖాళీ చేయమంటే గొడవ ఖాయం. సాయంత్రం రైలు దాకా విశ్రాంతికి రెండు మూడు గదులు, సామాను పెట్టుకునే చోటు ముందే మాట్లాడుకుంటే చాలు. పై లెక్కలో 19, 21 తేదీల అంకెల్లో ఈ గదులు కలిసే ఉన్నాయి.

ఒప్పందంలో చదవవలసిన వాక్యాలు

మొదట హోటల్ ఒక వారం పాటు డబ్బు లేకుండానే గదులు ఆపుతుంది. ఈలోగా మరెవరైనా అవే రోజులకు అడిగితే, సేల్స్ మేనేజరు ఫోన్ చేసి ‘ఖాయం చేసుకుంటారా, వదిలేస్తారా’ అని అడుగుతాడు. అడ్వాన్సు కట్టాకే బ్లాకు గట్టిపడుతుంది. మన ఉదాహరణలో అడ్వాన్సు 30 శాతం, అంటే 1,16,235 రూపాయలు. ఒప్పందం ప్రకారం, 30 రోజుల ముందు దాకా 20 శాతం గదులు ఉచితంగా వదలవచ్చు. 15 రోజుల ముందు దాకా మరో 10 శాతం వదలవచ్చు. ఆ తర్వాత వదిలినవాటికి పూర్తి ధర కట్టాలి, హోటల్ తిరిగి అమ్ముకోగలిగితే మాత్రం అక్కర్లేదు.

చదవడానికి తేటగానే ఉన్న ఈ షరతుల్లో నాలుగు ప్రశ్నలు దాగి ఉన్నాయి. సంతకానికి ముందే వాటిని అడగాలి.

మొదటిది, రోజులు ఎక్కడి నుంచి లెక్కపెడతారు? పెళ్లివారు ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటారు. హోటల్ మొదటి గది తీసుకునే రోజు నుంచి లెక్కపెడుతుంది. ఈ పెళ్లిలో ఆ రోజు ఫిబ్రవరి 18. కాబట్టి మొదటి గడువు జనవరి 21 కాదు, జనవరి 19. రెండోది ఫిబ్రవరి 5 కాదు, ఫిబ్రవరి 3. రెండే రోజుల తేడా అయినా, ఆ రెండు రోజుల్లోనే లక్ష రూపాయల వ్యవహారం తారుమారు కావచ్చు. గడువును ‘ఇన్ని రోజుల ముందు’ అని వదిలేయకుండా తేదీ, గంటతో సహా రాయించుకోవడం మంచిది.

రెండోది, శాతం దేనిమీద? మొదట పట్టిన 82 మీద రెండో విడత 10 శాతమంటే 8. మొదటి విడత వదిలాక మిగిలినదాని మీదైతే 6. హోటళ్లు సాధారణంగా మిగిలినదాని మీదే లెక్కేస్తాయి, అడిగితే కొన్నిసార్లు మారుస్తాయి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, అయినా ఎక్కువమంది పట్టించుకోనిది. ఆ 20 శాతం మొత్తం బ్లాకు మీదా, ఏ రాత్రికి ఆ రాత్రి విడిగానా? మొత్తం మీదైతే 82లో 16 రూమ్ నైట్లను ఏ రోజువైనా వదలవచ్చు. విడిగా అయితే ఆదివారం 14 గదుల్లో 20 శాతం 2.8, అంటే రెండే వదలగలరు. పెళ్లి అయిపోయిన మర్నాటి గదులే ఎక్కువగా మిగిలిపోతాయి కాబట్టి, ఈ ఒక్క షరతు వల్ల పెళ్లివారి చేతులు కట్టేసినట్టవుతుంది.

నాలుగోది, తిరిగి అమ్మిన గదుల సంగతి. గడువు దాటాక వదిలిన గదిని హోటల్ వేరేవాళ్లకు అమ్మితే పెళ్లివారి దగ్గర మళ్లీ తీసుకోకూడదని రాసి ఉండాలి. అయితే అమ్మిందో లేదో ఎలా తెలుస్తుంది? ఆ రాత్రి హోటల్ మొత్తం నిండిందా అన్నదే కొలత. నిండితే వదిలిన గదులూ అమ్ముడైనట్టే. సగం ఖాళీగా ఉంటే, ముందు తన సొంత గదులు అమ్ముకున్నానని హోటల్ అంటుంది, అది న్యాయమే.

ముహూర్తాల రద్దీకీ ఈ షరతులకూ దగ్గరి సంబంధం ఉంది. మాఘంలోనో వైశాఖంలోనో బలమైన ముహూర్తం ఉన్న రాత్రి, ఊళ్లో ప్రతి హోటలూ నాలుగైదు పెళ్లిళ్ల చుట్టాలతో నిండుతుంది. అలాంటి తేదీకి హోటల్ ధర తగ్గించదు, పెద్ద అడ్వాన్సు అడుగుతుంది, కటాఫ్ ముందుకు జరుపుతుంది. కానీ ఆ రాత్రి వదిలిన గది తిరిగి అమ్ముడుపోవడం కూడా దాదాపు ఖాయమే. ముహూర్తాలు పలుచగా ఉన్న రోజు సంగతి దీనికి తలకిందులు: గదులు చవక, షరతులు మెత్తన, ఆలస్యంగా వదిలినవి మాత్రం కొనే దిక్కుండదు. కాబట్టి రద్దీ ముహూర్తానికి తిరిగి అమ్మిన గదుల షరతు కోసం పట్టుబట్టాలి, రద్దీలేని తేదీకి ఉచితంగా వదిలే శాతం పెంచమని అడగాలి. రెండూ ఒకేసారి అడిగితే సేల్స్ మేనేజరు ఏదీ ఇవ్వడు.

‘చూస్తాం’ అన్నవాళ్లు

హోటల్ గడువు జనవరి 19 అయితే, చుట్టాలకు చెప్పే గడువు అంతకు ముందే ఉండాలి. ఈ పెళ్లిలో అది సంక్రాంతి వెళ్లిన మర్నాడు, జనవరి 17. పండక్కి అందరూ ఇళ్లకు చేరి ఉంటారు, ప్రయాణాల ముచ్చట్లు అక్కడే సాగుతాయి, ఒక్క ఫోన్‌తో నాలుగు కుటుంబాల కబురు తెలిసిపోతుంది. వాట్సాప్ గ్రూపులో ‘గది కావలసినవాళ్లు చెప్పండి’ అని ఒక సందేశం పెట్టి ఊరుకుంటే వచ్చేవి నమస్కారం బొమ్మలే. గదుల పని చూసే మనిషి ఒక్కరే ఉండాలి, ఆ ఒక్కరు విడివిడిగా ఫోన్ చేయాలి. ఆడపెళ్లివారి తరఫు మనిషి మగపెళ్లివారి చుట్టాలకు నేరుగా ఫోన్ చేయడం మర్యాదగా ఉండదు కాబట్టి, అటువైపు నుంచి బాధ్యత తీసుకునే పెదనాన్నో బావగారో ఒకరు కావాలి.

అడిగే పద్ధతిలో కూడా తేడా ఉంది. ‘వస్తున్నారా?’ అంటే ఎవరూ రామని చెప్పరు. ‘ఎందుకు రాము, తప్పకుండా వస్తాం’ అనేస్తారు. ‘టికెట్లు తీసుకున్నారా బాబాయ్, ఏ బండికి?’ అంటే నిజం బయటపడుతుంది. 2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. ఫిబ్రవరి 19 రాత్రి బండికి టికెట్లు డిసెంబరు 21న తెరుచుకుంటాయి. రావాలనుకున్నవాళ్లు మొదటి వారంలోనే తీసుకుంటారు, ఎందుకంటే పెళ్లిళ్ల రోజుల్లో ఆ బండ్లకు వెయిటింగ్ లిస్టు వేగంగా పెరుగుతుంది. జనవరి మూడో వారానికీ టికెట్ లేని కుటుంబాన్ని ‘చూస్తాం’ ఖాతాలో వేయవచ్చు, నోటితో ఏం చెప్పినా సరే. కార్లో వచ్చేవారికి ఈ కొలత పనికిరాదు. వాళ్లను పిల్లల పరీక్షలు, సెలవుల గురించి అడిగి తెలుసుకోవాలి.

ఈ పెళ్లిలో జనవరి 17 నాటికి తేలింది ఇది: 82 రూమ్ నైట్లలో పేర్లతో ఖాయమైనవి 51, ‘చూస్తాం’ 19, రామన్నవి 12. ఉచితంగా వదలగలిగినవి 16. రామన్న పన్నెండూ వదలాలి, అందులో ఆలోచించేదేమీ లేదు. మిగిలిన నాలుగు ‘చూస్తాం’లోంచి తీయాలి. ఏ రాత్రివి తీయాలన్నదే ప్రశ్న. శనివారంవి తీయకూడదు. ముహూర్తం రాత్రి గది ఒకసారి చేజారితే మళ్లీ దొరకదు, దొరికినా ధర రెండింతలు ఉంటుంది. ఆదివారం రాత్రి గది మాత్రం ఎప్పుడు అడిగినా దొరుకుతుంది, ఊరంతా అప్పటికి ఖాళీ అవుతుంది. అందుకని ఆదివారం నుంచి మూడు, శుక్రవారం నుంచి ఒకటి తీశారు. రామన్నవాటితో కలిపి వదిలినవి శుక్రవారం 4, శనివారం 7, ఆదివారం 5. శాతం ఏ రాత్రికి ఆ రాత్రి లెక్కయి ఉంటే ఆదివారం ఐదులో మూడు వదలడం కుదిరేది కాదు. పద్నాలుగు వేల రూపాయలకు పైగా అక్కడే పోయేవి.

వదిలే మాట ఫోన్‌లో చెప్పి ఊరుకుంటే చాలదు. సేల్స్‌లో పనిచేసేవాళ్లు ఉద్యోగాలు మారుతుంటారు, గదుల లెక్క చూసే రిజర్వేషన్ విభాగం వేరే. ఈమెయిలు ఇలా ఉంటే సరిపోతుంది: ‘ఫిబ్రవరి 18 నుంచి 22 దాకా ఉన్న మా పెళ్లి బ్లాకులోంచి ఈ గదులు వదులుతున్నాం. 19 రాత్రి 4, 20 రాత్రి 7, 21 రాత్రి 5. మిగిలినవి 18న 6, 19న 18, 20న 33, 21న 9, మొత్తం 66 రూమ్ నైట్లు. సవరించిన కన్ఫర్మేషన్ పంపగలరు.’ వదిలినవే కాక మిగిలినవి కూడా రాయడం వల్ల రెండు వైపులా ఒకే లెక్క ఉంటుంది. సవరించిన కాగితం తిరిగి వచ్చేదాకా గదులు వదిలినట్టు కాదనే అనుకోవాలి. గడువు రోజు రాత్రి పదింటికి పంపిన మెయిలు మర్నాడు తెరుచుకుంటుంది, అప్పుడు ఏ తేదీ లెక్కకు వస్తుందన్నది వాదన అవుతుంది. ఒకరోజు ముందే పంపితే ఆ వాదన ఉండదు.

చివరి పదిహేను రోజులు

ఫిబ్రవరి 3 నాటికి మిగిలిన 66లో 58 ఖాయమయ్యాయి, 5 రామన్నారు, 3 ఇంకా తేలలేదు. రెండో విడత ఉచితంగా వదలగలిగినవి 6. ఐదు వదిలి, తేలని మూడు శనివారం గదులను ఉంచుకున్నారు. శుభలేఖ అందినప్పుడు ఏమీ అనకుండా పెళ్లినాడు పొద్దున్నే దిగే కుటుంబం ప్రతి ఇంట్లోనూ ఒకటుంటుంది. ముప్ఫై గదులు పట్టిన రాత్రికి రెండు మూడు చేతిలో ఉంచుకోవడం మితిమీరినట్టు కాదు, ఆరేడు ఉంచుకుంటే మాత్రం అయినట్టే. ఇప్పుడు బ్లాకులో మిగిలినవి వరసగా 6, 17, 30, 8, మొత్తం 61.

ఇక్కడి నుంచి పని సంఖ్యల మీద కాక పేర్ల మీద నడుస్తుంది. వారం ముందు హోటల్‌కు ఇచ్చే గదుల జాబితాలో ఒక్కో గదికి ఇంటి పెద్ద పేరు, మనుషులెందరు, దిగే రోజు, బండి, వెళ్లే రోజు, అదనపు మంచం కావాలా, మెట్లు ఎక్కలేనివాళ్లున్నారా, ఆ గది బిల్లు ఎవరిది అన్నవి ఉండాలి. పెద్దవాళ్లందరి దగ్గరా ఫొటో, చిరునామా ఉన్న గుర్తింపు కార్డు ఉండాలని ముందే చెప్పాలి. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కనుక హోటళ్లు దాన్ని ఒప్పుకోవు. విదేశీ పాస్‌పోర్టు మీద వచ్చే బంధువులు పాస్‌పోర్టుతో పాటు వీసా గానీ ఓసీఐ కార్డు గానీ తేవాలి, వాళ్ల వివరాలు హోటల్ అధికారులకు పంపవలసి ఉంటుంది.

పేరు మార్చడం వేరు, గది వదలడం వేరు. గడువు దాటాక ఒక కుటుంబం రానంటే గది వదలక్కర్లేదు, ఆ గదికి వేరే పేరు రాయిస్తే చాలు. ఇందుకోసం చేతిలో ఒక చిన్న జాబితా ఉండాలి: దూరంగా ఎవరింట్లోనో సర్దుకున్నవాళ్లు, మండపం గదుల్లో ఇరుకుగా ఉన్నవాళ్లు, మరో హోటల్లో సొంతంగా తీసుకుని ఇంకా రద్దు చేసుకునే వీలున్నవాళ్లు. ఈ జాబితా ఉన్న ఇంట్లో గడువు దాటాక గది ఖాళీగా మిగిలేది తక్కువ.

మరో సంగతి. శుక్రవారానికి పేరు రాయించిన మనిషి రైలు తప్పి శనివారం వస్తే, కొన్ని హోటళ్లు రానట్టు లెక్కకట్టి శనివారం గదిని కూడా తీసేస్తాయి. మొదటి రాత్రి రాకపోయినా మిగిలిన రాత్రులు అలాగే ఉంచాలని జాబితా మీదే రాయడం అవసరం.

ఇంకో ఇబ్బంది యాప్‌ల నుంచి వస్తుంది. బ్లాకు ధర 4,500 అని మాట్లాడుకున్నాక, ఏదో డిస్కౌంట్ రోజున యాప్‌లో అదే హోటల్ 4,100కు కనిపిస్తుంది. డబ్బు తామే కట్టుకునే చుట్టాలు అక్కడ కొనేసి, తెలివైన పని చేశామనుకుంటారు. వాళ్లు అదే హోటల్లో, అదే పెళ్లికి వచ్చినా హోటల్ లెక్కలో బ్లాకు గది తీసుకోనట్టే. పెళ్లివారికి పూచీ ఉన్న గది ఖాళీగా మిగులుతుంది. దీనికి విరుగుడు ఒప్పందంలోనే ఉంది. పెళ్లి అతిథులు ఏ దారిన బుక్ చేసుకున్నా బ్లాకు లెక్కలోకి తీసుకోవాలని రాయించుకోవాలి, చివర్లో దిగినవాళ్ల పేర్లను పెళ్లివారి జాబితాతో సరిపోల్చాలి.

అమెరికాలో తెలుగువాళ్ల పెళ్లిళ్లకు ఇది మరీ అవసరం. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఎవరి గది వాళ్లే ఒక లింకు ద్వారా తీసుకుంటారు, పెళ్లివారు మాత్రం మొత్తంలో 80 శాతమో 90 శాతమో నిండుతుందని హామీ ఇస్తారు. 100 రూమ్ నైట్లకు 80 శాతం హామీ ఇచ్చి 72 నిండితే ఎనిమిదింటికి పెళ్లివారు కట్టాలి. గది 150 డాలర్లయితే పన్నులు కాక 1,200 డాలర్లు. కటాఫ్ సాధారణంగా మూడు నాలుగు వారాల ముందు ఉంటుంది. ఆ తర్వాత లింకు మూసుకుపోతుంది, మిగిలిన గదులు ఆ రోజు ధరకు బయటివాళ్లకు పోతాయి. ఇండియా నుంచి వెళ్లే అమ్మమ్మ, తాతయ్యల వీసా కటాఫ్ నాటికి రాకపోవచ్చు కనుక, వాళ్ల గదులను పెళ్లివారే తమ పేరున ముందే తీసుకుని, రద్దు చేసుకునే గడువు చూసుకోవడం వాడుక. పూచీ లేని చిన్న బ్లాకు దొరికినప్పుడు, పెద్ద తగ్గింపు ఆశతో పూచీ ఉన్న బ్లాకుకు వెళ్లకపోవడమే తెలివి. గదికి పది డాలర్ల తగ్గింపు ఎనిమిది ఖాళీ గదుల బిల్లును పూడ్చదు.

విశాఖ పెళ్లికి తిరిగి వస్తే, ఫిబ్రవరి 17న బెంగళూరు కుటుంబం ఒకటి పిల్లాడికి జ్వరమని ఆగిపోయింది. శుక్రవారం, శనివారం ఒక్కో గది మిగిలాయి. చెప్పకుండా దిగిన మూడు కుటుంబాలు చేతిలో ఉంచుకున్న మూడు శనివారం గదుల్లో సర్దుకున్నాయి. ఆగిపోయినవాళ్ల శనివారం గదిని ముహూర్తం రాత్రి కనుక హోటల్ వెంటనే అమ్ముకుంది. శుక్రవారంది అమ్ముడుపోలేదు. 61లో వాడినవి 59, తిరిగి అమ్మినది 1, ఖాళీగా ఉండి కట్టవలసింది 1. ఆ ఒక్కదాని ఖరీదు 4,725 రూపాయలు. రెండు గడువుల్లోనూ ఏమీ వదలకుండా కూర్చుని, హోటల్ కూడా ఏదీ తిరిగి అమ్మకపోయి ఉంటే 23 ఖాళీ గదులకు 1,08,675 కట్టవలసి వచ్చేది.

ఆఖరి పని బిల్లు. 60 రూమ్ నైట్లకు పన్నుతో 2,83,500, అందులో అడ్వాన్సు 1,16,235 పోగా కట్టవలసింది 1,67,265. హోటల్ ఇచ్చే బిల్లు మొదటి ముసాయిదాలో ఈ అంకె అరుదుగా వస్తుంది. వదిలిన గదులు ఒకటి రెండు మళ్లీ దూరి ఉంటాయి, గదికి తెప్పించుకున్న భోజనాలు, ఇస్త్రీ ఖర్చులు పెళ్లివారి ఖాతాలో పడి ఉంటాయి. గది అద్దె, అల్పాహారం మాత్రమే పెళ్లివారివని, మిగిలినవి గదిలో ఉన్నవారే కట్టుకోవాలని రిసెప్షన్‌లో ముందురోజే రాతపూర్వకంగా ఇవ్వాలి. ఏ రాత్రికి ఏ గదులు అన్న పట్టిక తీసుకుని, సవరించిన రెండో కన్ఫర్మేషన్‌తో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఇది చుట్టాలు ఇంకా గదుల్లో ఉండగానే, ఆదివారం మధ్యాహ్నమే చేస్తే మంచిది. ఏ గదిలో ఎవరున్నారో అప్పుడైతే అడిగి తెలుసుకోవచ్చు.